పీపీటీ నుంచి సారాంశం రాసే ముందు: అంకెలు, తేదీలు, మాటలు సరిచూసుకునే పద్ధతి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం చిన్నదే. సర్వసభ్య సమావేశంలో తెర మీద వేసి చూపించే పీపీటీ ఉంది కదా, దాన్ని చూసి వార్షిక నివేదికకు ఒక పేజీ సారాంశం రాయాలి. రాసే ముందు ఆ పీపీటీలో అంకెలు, తేదీలు, మాటలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా లేదా ఎట్లా చూసుకోవాలి అనేది విషయం. మేము ఇద్దరు ముగ్గురం కలిసి కూర్చుని ఈ పని ఎట్లా చేస్తామో అట్లాగే చెబుతాం.

ముందు ఒక సంగతి అనుకోవాలి. పీపీటీని ఒక్కరే తయారు చేయరు. సంఘాల లెక్క వీఓఏల దగ్గర నుంచి వస్తుంది. బ్యాంకు లింకేజి లెక్క సీసీలు ఇస్తారు. స్త్రీనిధి లెక్క ఇంకోచోట నుంచి వస్తుంది. ఒకరు మార్చి నెలాఖరు లెక్క ఇస్తారు, ఇంకొకరు తమ దగ్గర ఉన్న తాజా లెక్క ఇస్తారు. వీటన్నిటినీ ఒకరు కూర్చుని వరసగా పెడతారు. కాబట్టి ఒక స్లైడుకు ఇంకో స్లైడుకు తేడా రావడం వింత కాదు, ఎవరి మీదా తప్పు వేసే పని కూడా లేదు.

చిక్కంతా సారాంశంలో వస్తుంది. పీపీటీలో రెండు అంకెలు ఉంటే రెండూ కళ్లకు కనబడతాయి, ఎవరో ఒకరు లేచి "ఇదేంది, ముందర ఒకటి, వెనక ఒకటి ఉండాది?" అని అడుగుతారు. సారాంశంలోకి వచ్చేది ఒక్క అంకెనే. రెండోది పోతుంది. ఇక అడిగేవాళ్లు ఉండరు. బ్యాంకు మేనేజరు గారికైనా, జిల్లా సమాఖ్యకైనా పద్నాలుగు స్లైడ్లు చూసే తీరిక ఉండదు, ఆ ఒక్క పేజీనే చదువుతారు. అందుకే తేడా పట్టుకోవాల్సింది సారాంశం మొదటి వాక్యం రాయకముందే.

నోటుబుక్కులో అయిదు గడులు

మేము పీపీటీని నేరుగా సారాంశంగా మార్చం. ముందు నోటుబుక్కులో అయిదు గడులు గీస్తాం. మొదటి గడిలో స్లైడు నంబరు. రెండో గడిలో ఆ అంకె దేనిదో, స్లైడులో ఏ మాట ఉంటే అదే మాట. మన మాటలోకి మార్చకూడదు. మూడో గడిలో అంకె. నాలుగో గడిలో అది ఏ తేదీ నాటి లెక్క. అయిదో గడిలో ఆ లెక్క ఎవరి దగ్గర నుంచి వచ్చింది. స్లైడులో తేదీ లేకపోతే నాలుగో గడి ఖాళీగానే వదులుతాం. ఆ ఖాళీనే మనం అడగాల్సిన ప్రశ్న.

ఒకరు స్లైడు పైకి చదవాలి, ఇంకొకరు రాయాలి. ఒక్కరే చదివి ఒక్కరే రాస్తే ముందు చూసిన అంకె బుర్రలో ఉండి, రెండోచోట వేరే అంకె ఉన్నా కన్ను దాటిపోతుంది. కంప్యూటరులో అయితే Ctrl+F నొక్కి "బకాయి" అని, "సంఘాలు" అని వెతికితే ఆ మాట ఎక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. ఫోటో తీసి అతికించిన పట్టికలో ఉన్న మాట మాత్రం అట్లా దొరకదు. ఫోటో పట్టికలు, గ్రాఫులు కంటితోనే చూసుకోవాలి.

ఇప్పుడు ఒక నమూనా పీపీటీ పెట్టుకుని చూద్దాం. ఇందులో మండలం లెక్కలుగా చెప్పే అంకెలు ఏ సమాఖ్యవీ కావు, నేర్చుకోవడానికి మేము వేసుకున్నవి. మొత్తం 14 స్లైడ్లు, 2023-24 సంవత్సరానివి అనుకోండి.

తేడా ఎంతో తీయాలి

రెండో స్లైడులో "సంఘాలు 812" అని ఉంది. నాలుగో స్లైడులో "సంఘాలు 786" అని ఉంది. ఇట్లా వచ్చినప్పుడు ఏది తప్పు అని మొదలుపెట్టకూడదు. ముందు తేడా తీయాలి. 812లో 786 పోతే 26. ఈ 26 అనే అంకె పీపీటీలో ఎక్కడైనా ఉందా అని చూడాలి. పదకొండో స్లైడులో "నిలిచిపోయిన సంఘాలు 26" అని ఉంది. ఇంకేం, సంగతి తేలింది. 812 అనేది రికార్డులో ఉన్న మొత్తం సంఘాలు, 786 అనేది ఇప్పుడు సమావేశాలు పెట్టుకుని పొదుపు కడుతున్న సంఘాలు. రెండూ నిజమే. సారాంశంలో "సంఘాలు" అని ఊరికే రాయకుండా "మొత్తం సంఘాలు", "నడుస్తున్న సంఘాలు" అని రాస్తే సరిపోతుంది. ఇట్లా తేలినట్టు కనబడినా వీఓఏలను ఒక మాట అడిగి ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే అంకె అనుకోకుండా కూడా కలవొచ్చు.

రెండో లెక్క బ్యాంకు రుణాలది. మూడో స్లైడులో "బ్యాంకు రుణాలు రూ.42.60 కోట్లు". ఆరో స్లైడులో "బ్యాంకు రుణాలు రూ.39.85 కోట్లు, 415 సంఘాలకు, సగటున సంఘానికి రూ.9.60 లక్షలు". తేడా రూ.2.75 కోట్లు. ఈ 2.75 పీపీటీలో ఎక్కడా లేదు. అప్పుడు సగటు సాయం చేస్తుంది. 39.85 కోట్లను 415తో భాగిస్తే 9.60 లక్షలు వస్తుంది. 42.60 కోట్లను అదే 415తో భాగిస్తే 10.27 లక్షలు వస్తుంది. అంటే 415 సంఘాలు, 9.60 లక్షల సగటు, 39.85 కోట్లు ఈ మూడూ ఒక జట్టు. 42.60 కోట్లు ఇంకో జట్టుది. పొరబాటున 42.60 కోట్లను 415 సంఘాల పక్కన రాస్తే చదివేవాళ్లకు సంఘానికి పది లక్షల పైనే ఇచ్చినట్టు అర్థమవుతుంది. ఊర్లో ఆ సంఘాల వాళ్లు "మాకు అంత యాడిచ్చినారు?" అని అడిగితే జవాబు ఉండదు.

ఇక్కడ సీసీని అడగాలి. అడిగే తీరు కూడా ముఖ్యమే. "మీ లెక్క తప్పు" అంటే ఎదుటివాళ్లు వెంటనే ఏదో ఒక అంకె మార్చి పంపుతారు, సంగతి మాత్రం తేలదు. "సార్, మూడో స్లైడులో 42.60 ఉంది, ఆరో స్లైడులో 39.85 ఉంది, తేడా 2.75 కోట్లు. ఒక్కొక్కటి ఏ తేదీ నాటిది, మంజూరుదా, జమ అయినదా?" అని అడగాలి. నమూనాలో జవాబు ఇట్లా వచ్చిందనుకోండి: మార్చి 31 లోపల 440 సంఘాలకు 42.60 కోట్లు మంజూరైంది. అందులో 415 సంఘాల ఖాతాల్లో ఆ తేదీ లోపల డబ్బు పడింది. మిగిలిన 25 సంఘాలకు ఏప్రిల్‌లో పడింది. మంజూరు వేరు, ఖాతాలో జమ కావడం వేరు. మన చేతికి డబ్బు వచ్చేది రెండోదానితోనే అని మనందరికీ తెలుసు, స్లైడులో మాత్రం రెండింటికీ "రుణాలు" అనే మాటే వాడారు.

"బకాయి" అనే మాట

మేము అన్నిటికంటే ఎక్కువ సేపు ఆగేది ఈ మాట దగ్గర. ఎనిమిదో స్లైడులో "బకాయి రూ.51.20 కోట్లు" అని ఉంది. పదో స్లైడులో "బకాయి రూ.46 లక్షలు" అని ఉంది. ఏడో స్లైడులో "రికవరీ 98 శాతం" అని ఉంది. తేడా తీస్తే యాభై కోట్లకు పైన. ఇంత పెద్ద తేడా వచ్చినప్పుడు అది కూడికలో జరిగిన పొరబాటు కాదు, రెండు వేరువేరు సంగతులకు ఒకే మాట పెట్టారని అర్థం.

మనం ఊర్లో మాట్లాడేటప్పుడు ఇంకా కట్టాల్సిన అప్పు మొత్తాన్నీ బకాయి అంటాం, గడువు దాటినా కట్టని వాయిదానూ బకాయి అంటాం. మాటల్లో అయితే ఎదుటి మనిషికి సందర్భం తెలుసు కాబట్టి చెల్లుతుంది. కాగితంలో చెల్లదు. ఒక సంఘం పది లక్షలు తీసుకుని, ప్రతి నెలా తప్పకుండా కంతు కట్టి, ఇంకా ఆరు లక్షలు మిగిలి ఉంటే ఆ ఆరు లక్షలు అప్పు నిల్వ. అది తప్పు కాదు, అప్పు అంటేనే అట్లా మెల్లగా తీరేది. అదే సంఘం రెండు కంతులు కట్టాల్సిన రోజుకు కట్టకపోతే ఆ రెండు కంతుల మొత్తం గడువు మీరిన బకాయి. అది 90 రోజులు దాటినా అట్లాగే ఉంటే బ్యాంకు ఆ అప్పును మొండి బకాయిల్లో చేరుస్తుంది. అప్పుడు కంతుల మొత్తం ఒక్కటే కాదు, ఆ అప్పు నిల్వ అంతా మొండి బకాయి కిందికి పోతుంది. మూడూ మూడు వేర్వేరు సంగతులు.

ఇప్పుడు నమూనాను ఏడో స్లైడుతో కలిపి చూద్దాం. ఆ స్లైడు కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఏడాదిలో కట్టాల్సినవి పాతవి కలిపి రూ.23 కోట్లు, కట్టినవి రూ.22.54 కోట్లు. 23లో 22.54 పోతే 46 లక్షలు. పదో స్లైడులోని 46 లక్షలు ఇదే. 22.54ను 23తో భాగిస్తే సరిగ్గా 98 శాతం. కాబట్టి ఏడో స్లైడు, పదో స్లైడు ఒకదానికొకటి సాక్ష్యం. ఎనిమిదో స్లైడులోని 51.20 కోట్లు అప్పు నిల్వ.

ఇది చూడకుండా సారాంశంలో "మండలంలో బకాయి రూ.51.20 కోట్లు" అని రాస్తే ఏమవుతుంది? రెండు పూటలా పనికి పోయి, మిరప కోతకు పోయి, గొర్రెపిల్లను అమ్మి కంతు కట్టిన అక్కలందరూ కాగితం మీద ఎగవేతదారులు అవుతారు. ఆ పేజీ చదివిన బ్యాంకు కొత్త రుణం అడిగినప్పుడు ఆలోచనలో పడుతుంది. ఒక్క మాట వల్ల ఇంత జరుగుతుంది. అందుకని మా పద్ధతిలో "బకాయి" అనే మాటను ఒంటరిగా రాయం. "అప్పు నిల్వ" అని రాస్తాం, లేదంటే "గడువు మీరిన బకాయి" అని రాస్తాం.

ఇంకో మాట "లబ్ధిదారులు". పదమూడో స్లైడులో జీవనోపాధి రుణాలు గొర్రెలకు 520, పాడికి 430, చిన్న అంగళ్లకు 290, మొత్తం 1,240 మంది లబ్ధిదారులు అని ఉంది. కూడిక సరిగ్గానే ఉంది. గొర్రెలకు, అంగడికి రెండింటికీ తీసుకున్న అక్క ఉంటే ఆమె రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. అందుకే పేర్ల జాబితా చూడనంతవరకు "1,240 మంది మహిళలు" అని రాయకూడదు. "1,240 రుణాలు" అని రాస్తే నిజం.

పేర్లు కూడా అంతే. డ్వాక్రా సంఘం, పొదుపు సంఘం, మహిళా సంఘం, స్వయం సహాయక సంఘం అని నాలుగు స్లైడ్లలో నాలుగు పేర్లుంటే మనకు ఒకటే అని తెలుసు, బయటివాళ్లకు నాలుగు రకాల సంఘాలు అనిపిస్తుంది. వెలుగు, ఇందిరా క్రాంతి పథం, వైఎస్సార్ క్రాంతి పథం కూడా ఒకే కార్యక్రమానికి వేర్వేరు కాలాల్లో ఉన్న పేర్లు. సారాంశంలో ఒక పేరు పెట్టుకుని చివరిదాకా అదే వాడాలి.

తేదీలు, హద్దులు

తేదీల్లో మొదట చూడాల్సింది "నాటికి" అనే మాట. బ్యాంకు స్లైడు 31-3-2024 నాటికి అని ఉంది, తొమ్మిదో స్లైడులో స్త్రీనిధి లెక్క 30-6-2024 నాటికి అని ఉంది. ఈ రెండు అప్పు నిల్వలను కలిపి "మొత్తం అప్పు ఇంత" అని రాయడం కుదరదు. మధ్యలో మూడు నెలల కంతులు ఉన్నాయి. స్త్రీనిధి లెక్కనూ మార్చి 31 నాటిది అడిగి తీసుకోవాలి. అది అందకపోతే రెండింటినీ కలపకుండా, వాటి వాటి తేదీలతో విడివిడిగా రాయాలి.

రెండోది తేదీ రాసే తీరు. ఒక శిక్షణ జరిగిన రోజు 04-05-2024 అని ఉంది. మనం మే 4 అని చదువుతాం. కొన్ని కంప్యూటర్లు నెలను ముందు పెడతాయి, అప్పుడు అది ఏప్రిల్ 5 అవుతుంది. అదే పట్టికలో ఇంకోచోట 04-23-2024 లాంటిది కనబడితే నెల ముందు ఉన్నట్టే, ఇరవై మూడో నెల ఉండదు కదా. పక్కన వారం పేరు ఉన్నా తెలుస్తుంది. 2024లో మే 4 శనివారం, ఏప్రిల్ 5 శుక్రవారం. సారాంశంలో మాత్రం నెల పేరు అక్షరాల్లో రాస్తే ఈ గొడవే ఉండదు.

మూడోది మన ప్రాంతం వాళ్లు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సింది. పన్నెండో స్లైడులో జిల్లా గ్రాఫు ఉంది. 2020-21లో కర్నూలు జిల్లా గీత పైన ఉంది, 2022-23కు ఒక్కసారిగా కిందికి పడింది. చూసినవాళ్లు జిల్లాలో సంఘాలు సగం మూతపడ్డాయి అనుకుంటారు. అసలు సంగతి ఏమంటే 2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లా విడిపోయి నంద్యాల కొత్త జిల్లా అయింది. మన తుగ్గలి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి. జిల్లా పేరు మారలేదు, హద్దు మారింది. 2011 జనగణనలో పాత కర్నూలు జిల్లా జనాభా 40 లక్షల 53 వేలు. అదే జనగణనను ఇప్పటి హద్దుల ప్రకారం విడదీస్తే కర్నూలు జిల్లాకు సుమారు 22 లక్షల 70 వేలు, నంద్యాలకు సుమారు 17 లక్షల 80 వేలు. మనుషులు ఎక్కడికీ పోలేదు, లెక్క రెండు పుస్తకాల్లోకి పోయింది.

కాబట్టి 2022 ఏప్రిల్‌కు ముందు అంకెను, తర్వాతి అంకెను పక్కపక్కన పెట్టి "తగ్గింది" అని రాయకూడదు. పాత అంకెలో నంద్యాల మండలాలు తీసేసి పోల్చాలి, లేకపోతే 2022-23 నుంచి మాత్రమే చూపించాలి. రాష్ట్రం లెక్కలకు 2014 జూన్ 2 ఇట్లాంటి తేదీనే. ఆ రోజుకు ముందు ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కూడా కలిసి ఉన్నది.

తేలనిది ఏం చేయాలి

అడిగినా కొన్నిటికి జవాబు రాదు. అప్పుడు మూడు పనులు చేయకూడదు. పెద్ద అంకెను తీసుకోకూడదు. రెండింటికీ మధ్యలో ఒక అంకె వేసుకోకూడదు. చివరి స్లైడులో ఉంది కాబట్టి అదే కొత్తది అనుకోకూడదు. ఆ విషయాన్ని సారాంశంలో వదిలేయాలి. వదలడానికి వీలులేనిదైతే "ఈ లెక్క బ్యాంకు నుంచి ఖాయం కావాల్సి ఉంది" అని అక్కడే రాయాలి.

తేలినదాన్ని సారాంశంలో సరిచేసి ఊరుకోకుండా, పీపీటీ తయారు చేసినవాళ్లకు కూడా చెప్పి స్లైడు మార్పించాలి. లేకపోతే వచ్చే ఏడాది ఆ పాత స్లైడే మళ్లీ వస్తుంది. మార్చిన పీపీటీ వాట్సాప్‌లో వచ్చినప్పుడు పాతది, కొత్తది ఒకే పేరుతో ఉంటాయి, ఫైలు పేరు చివర తేదీ పెట్టమని అడగాలి. కొత్త ఫైలు వస్తే అయిదు గడులనూ దానితో ఇంకోసారి సరిచూడాలి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. స్లైడ్లన్నీ ఒకే తప్పు అంకెను ఎత్తిరాసుకుని ఉంటే, పీపీటీలో తేడానే కనబడదు. అన్నీ సరిపోయాయి అంటే అన్నీ నిజం అని కాదు. అందుకే ముఖ్యమైన రెండు మూడు అంకెలను, జమ అయిన రుణం, అప్పు నిల్వ, గడువు మీరిన బకాయి, వీటిని పీపీటీ బయటికి పోయి బ్యాంకు స్టేట్‌మెంటుతో చూసుకోవాలి.

ఇదంతా అయ్యాక నమూనా సారాంశం ఇట్లా వస్తుంది:

"31 మార్చి 2024 నాటికి మండలంలో మొత్తం 812 స్వయం సహాయక సంఘాలు ఉన్నాయి, వాటిలో 786 నడుస్తున్నాయి. 2023-24లో 440 సంఘాలకు రూ.42.60 కోట్ల బ్యాంకు రుణం మంజూరైంది. మార్చి 31 లోపల 415 సంఘాల ఖాతాల్లో రూ.39.85 కోట్లు జమ అయింది, మిగిలిన 25 సంఘాలకు రూ.2.75 కోట్లు ఏప్రిల్‌లో జమ అయింది. 31 మార్చి 2024 నాటికి అప్పు నిల్వ రూ.51.20 కోట్లు. ఏడాదిలో కట్టాల్సిన రూ.23 కోట్లలో రూ.22.54 కోట్లు, అంటే 98 శాతం కట్టారు. గడువు మీరిన బకాయి రూ.46 లక్షలు."

ఆరు వాక్యాలే. ప్రతి అంకె పక్కన అది దేనిదో ఉంది, ఏ కాలానిదో ఉంది. ఈ పేజీని ఊర్లో సంఘం సమావేశంలో చదివి వినిపించినా, బ్యాంకులో బల్ల మీద పెట్టినా ఒకే అర్థం వస్తుంది.

అయిదు గడుల కాగితం కావాల్సిన అక్కలు మా నోటుబుక్కు చూసి గీసుకోవచ్చు, ఇక్కడే బల్ల మీద పెడుతున్నాం.